కామెంట్ చేస్తే మెసేజ్ వస్తుంది

మా తోడికోడలూ నేనూ అమెరికాలోని ఫ్రిస్కోలో చిన్నపిల్లల పట్టు లంగాలు కుట్టి అమ్ముతాం. కుట్టేది నేను. ఫోటోలు తీసి పోస్టు పెట్టేది, జనంతో మాట్లాడేది ఆమె. మాట్లాడటం అన్నది పేరుకే. ప్రతి ఫోటో కిందా "ప్రైస్?" అని అడిగేవారు. మేం "మెసేజ్ చేయండి" అని జవాబు రాసేవాళ్లం. ఎవరూ చేసేవారు కాదు. ఒక గుమ్మం దగ్గర అడిగినవాళ్లను ఇంకో గుమ్మానికి రమ్మంటే ఎవరొస్తారు?

"దీనికో టూల్ ఉందక్కా," అంది తోడికోడలు ఒక శనివారం. "కామెంట్‌లో లంగా అని రాయమందాం. రాయగానే మన మెసేజ్ వాళ్ల ఇన్‌బాక్స్‌కి దానంతటదే వెళ్తుంది. కామెంట్ కింద 'ఇన్‌బాక్స్ చూడండి' అని కూడా అదే రాస్తుంది."

బాగానే ఉందనుకున్నాను. అయితే మనవాళ్లు చెప్పిన మాట రాస్తారా? ఒకరు పరికిణీ అన్నారు, ఒకరు పావడా అన్నారు, ఇంకొకరు వరసగా గుండె బొమ్మలు పెట్టారు. చెప్పిన మాట కనబడితే తప్ప టూల్ కదలదు. విసుగొచ్చి మా తోడికోడలు, ఏ కామెంట్ వచ్చినా మెసేజ్ వెళ్లేలా మార్చేసింది. ఆ సంగతి నాకు చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాజా పట్టీ కుడుతూ ఫోన్ చూశాను. అంతకుముందు మా దగ్గర లంగా కొన్న ఒకావిడ పోస్టు కింద ఇంగ్లిష్‌లో రాసింది: పాపకు లంగా పొట్టిగా వచ్చింది, ఫంక్షన్ ఈ వారమే, డబ్బు దండగ. దాని కింద మా పేరుతో జవాబు, పక్కన మిఠాయి బొమ్మ: "ఇంట్రెస్ట్ చూపినందుకు థాంక్యూ! ఇన్‌బాక్స్ చూడండి!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్‌బాక్స్ తెరిస్తే ఆవిడకు కొత్త లంగాల లింకు కూడా వెళ్లి ఉంది. తోడికోడలికి ఫోన్ చేశాను.

"ఏడుస్తున్న మనిషికి సరుకు చూపిస్తామా?"

"మెషీన్‌కేం తెలుసక్కా?"

"మెషీన్‌కి తెలియదు సరే. మనకూ తెలియదా?"

ముందు ఆ జవాబు తీసేయించాను. టూల్ ఒక కామెంట్‌కు ఒక్క మెసేజే పంపగలదట. అవతలివాళ్లు తిరిగి ఏదైనా రాస్తేనే మేం ఇంకో మెసేజ్ పంపగలమట. అదృష్టం, ఆవిడ రాసింది, "సీరియస్లీ?" అని. నేను వెంటనే నా గొంతుతోనే ఒక వాయిస్ మెసేజ్ పంపాను. క్షమించమన్నాను. లంగా అంచు లోపలివైపు ఒకసారి తిప్పి చూడమన్నాను.

కాసేపటికి ఆవిడ కాల్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు తడుముకుంటూ మాట్లాడుతోంది.

"ఆంటీ, మీరు బాట్ కాదు కదా?"

"కాదమ్మా. కుట్టింది నేనే."

"లోపల క్లాత్ ఫోల్డ్ ఉంది. అది ఎందుకు?"

"పాప పొడుగైతే విప్పుకోవడానికి. ఆ పైకుట్టు ఒక్కటి విప్పెయ్, పొడుగొస్తుంది. ఇస్త్రీ చెయ్యి, గీత పోతుంది."

అవతల కత్తెర చప్పుడు, తర్వాత "ఓ మై గాడ్, ఇట్స్ పర్ఫెక్ట్! ఇది నాకు ఎవ్వరూ చెప్పలే ఆంటీ."

నిజమే, ఎవరు చెప్పాలి? మా అమ్మలకు తెలిసిన మడత ఈ పిల్లలకు తెలుస్తుందని నేనే అనుకున్నాను. లంగాతోపాటు ఒక మాట రాసి పెట్టలేదు.

ఆ వారమే ఆ మడత విప్పే పద్ధతిని వీడియో తీశాం. లంగా ఫోటో కింద "మడత అని రాయండి, వీడియో పంపుతాం" అన్నాం. తెలుగులో రాసినా ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా పని చేసేలా రెండూ పెట్టించాను. మెసేజ్‌లో ధరలు వద్దన్నాను. వీడియో, దాని కింద ఒకే ప్రశ్న: "పాప ఎత్తెంత, వేడుకేమిటి?" జవాబు చెప్పాలనుకుంటే నొక్కడానికి ఒక బటన్. బటన్ నొక్కినవాళ్లతో ఇక మేమే మాట్లాడతాం. ఫిర్యాదులాంటి కామెంట్లు టూల్‌కు వదలకుండా మేమే చదువుతామని తోడికోడలి చేత ఒట్టు వేయించుకున్నాను.

జనం ఎత్తు చెప్పారు. బారసాల అన్నారు, డాన్స్ ప్రోగ్రాం అన్నారు, చెల్లికీ అదే రంగు కావాలన్నారు. అడిగినవాళ్లందరూ కొనలేదు గానీ, దసరా దాకా నా కుట్టు మెషీన్‌కు ఖాళీ లేదు. మడత విప్పిన పిల్ల మాత్రం ఇంకేమీ కొనలేదు. తన కామెంట్ కింద "ఫిక్స్‌డ్, థాంక్స్ ఆంటీ" అని రాసి ఊరుకుంది. నాకది చాలు.

మొన్న కొత్త లంగా ఫోటో పెట్టాం. ధర పెద్ద అక్షరాల్లో ఫోటో మీదే రాశాం. మొదటి కామెంట్: "ప్రైస్?"

తోడికోడలు నా వైపు చూసింది. నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ, "నువ్వే చెప్పు. నా వల్ల కాదు," అన్నాను.