మేస్త్రి ఇంటి సంచి

పైపుల మేస్త్రి మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. డక్టు మాట ఎత్తితే మాత్రం ఒళ్ళు మండిపోయేది. మండదూ మరి? ఆ డక్టు సంగతి వింటే మీకూ మండుతుంది.

రెండు బిల్డింగులు వీపులు ఎదురెదురుగా పెట్టి నిలబడితే మధ్యలో ఆరడుగుల సందు మిగిలింది. వంటిళ్ళ కిటికీలు, స్నానాల గదుల కిటికీలు అందులోకే తెరుచుకుంటాయి. పైపులన్నీ గోడవెంట కిందకి దిగుతాయి. అడుగున నడుం వంచుకుని దూరాల్సిన ఇనుప తలుపొకటి ఉంది. దాని తాళంచెవి మేస్త్రి దగ్గరే ఉండేది, ఎందుకంటే అందులోకి వెళ్ళాల్సిన పని అతనికి తప్ప ఎవరికీ లేదు. ఐదంతస్తులు, రెండిట్లో కలిపి ఇరవై కాపురాలు. ఆ పైపులు కుర్రతనంలో తనే వేశాడు. వేశాక అడుగున సిమెంటు నేలను బకెట్లతో నీళ్ళు పోసి కడిగి మరీ బయటికొచ్చాడు. తర్వాత అందులోనే ఒక బిల్డింగులో నాలుగో అంతస్తులో అద్దెకు దిగి ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు.

చెత్త ఒక్కరోజులో పేరుకోలేదు. మొదట ఎవరి చేతిలోంచో దువ్వెన జారింది. పోనీలే అనుకున్నారు. కింద దువ్వెన ఒకటి పడి ఉందని చూసినవాళ్ళు పాల ప్యాకెట్టు వదిలారు. మొదటి సంచి వేసేవాడు అటూ ఇటూ చూసుకుని మరీ వేస్తాడు, రెండోవాడు కిందకి మాత్రం చూస్తాడు. పదోవాడు కిందకి చూడనే చూడడు. వీధిలో పదిమంది చూస్తుండగా కాగితం ముక్క పడెయ్యని పెద్దమనుషులు కూడా వంటింట్లో దీపం ఆర్పి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టేవారు. తప్పని తెలియనివాడు దీపం ఎందుకు ఆర్పుతాడు, చెప్పండి?

ఒకసారి మొదటి అంతస్తువాళ్ళ పైపు కారుతోందంటే మేస్త్రి ఆ ఇనుప తలుపు తాళం తీశాడు. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. భుజంతో నెట్టి దూరితే చెత్త ఛాతీ దాకా ఉంది. దానిమీదే బోర్లా పడుకుని జాయింటు బిగించాడు. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాడు. ఆయన మంచివాడే, మేస్త్రిని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. అది దారి కాదు, గది కాదు, మనిషి మసలే చోటు కాదు, వాసన కూడా పైకి రావడం లేదు, నీళ్ళు పోతూనే ఉన్నాయి, ఇన్నేళ్ళలో ఎవరికైనా జలుబు చేసిందా అని అడిగాడు. నిజంగానే ఎవరికీ ఏమీ కాలేదు.

"మీ బీరువా వెనకాల కూడా ఎవరూ చూడరు కదండీ. అక్కడ వేస్తారా?" అన్నాడు చివరికి.

"అది నా ఇల్లయ్యా."

"ఇది మనందరిదండీ."

"మనందరిదంటే ఎవరిదీ కాదని అర్థం, మేస్త్రీ," అని ప్రెసిడెంటు నవ్వాడు.

పదిమందిలో పాము చావదని మేస్త్రికి తెలుసు. అందుకే ఇంకెవరినీ పిలవలేదు. పనులు మానుకుని ఎనిమిది రోజులు ఒక్కడే ఎత్తాడు. నలభై ఆరు గోతాలు. పైన సంచులు, వాటికింద మందుసీసాలు, వెంట్రుకల ఉండలు, పగిలిన బల్బులు, ఒంటి చెప్పులు, ఇంకా కిందకి పోతే దేనికదిగా చెప్పలేని నల్లటి ముద్ద. తొమ్మిదోరోజు సిమెంటు నేల కనబడింది. కడిగాడు. తర్వాత ఒంటిమీద ఉతికిన చొక్కా వేసుకుని మిగతా పంతొమ్మిది గుమ్మాలూ ఎక్కి దిగాడు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పాడు: ఇన్నేళ్ళలో మా కిటికీలోంచి ఒక్క కాగితం ముక్క పడలేదు, మీరూ మాటివ్వండి. అందరూ ఇచ్చారు. తన పరువంతా ఆ నేలమీద పరిచినట్టే అనుకున్నాడు మేస్త్రి. ఆ నేల అలాగే ఉంటే తన బతుక్కి ఒక అర్థమున్నట్టు. ఉండకపోతే లేనట్టే.

పదకొండు రోజులు ఉంది. పన్నెండోరోజు సాయంత్రం తలుపు తీస్తే మధ్యలో ఒక సంచి కనిపించింది.

ఎవరిదో తెలిస్తే నలుగురికీ తెలియకుండా మెల్లగా చెప్పొచ్చనుకుని విప్పాడు. టీ పొడి పిప్పి, కూరగాయల తొక్కలు. వాటిమధ్య పైపు మరలకు చుట్టే తెల్లటేపు ఖాళీ చక్రాలు రెండు. ఆ ఇరవై ఇళ్ళలో ఆ టేపు వాడే ఇల్లు ఒక్కటే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చకెక్కి పంతొమ్మిది గుమ్మాలు గెలిచొచ్చాడు!

సంచి తెచ్చి భార్య ముందు పెట్టాడు. ఆమె దాచలేదు, తల దించుకోలేదు.

"మనింట్లో చెత్త ఎక్కడికి పోతుందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగారా?" అంది.

అడగలేదు. చెత్తబండి పొద్దున ఏడున్నరకు వీధి మొగలో ఈల వేసి ఐదు నిమిషాలు ఆగుతుంది. అప్పటికి అతను పనికి వెళ్ళిపోయేవాడు. డెబ్బై రెండు మెట్లు దిగి, మళ్ళీ అవే ఎక్కి, ఇరవై నాలుగేళ్ళు ఆవిడే మోసింది. రెండేళ్ళ కిందట మోకాళ్ళు పోయాయి. మోకాళ్ళు పోయిన సంగతి అతనికి తెలుసు, మందులు తెచ్చింది అతనే. ఆ మోకాళ్ళతో చెత్త ఎలా దిగుతోందన్నది మాత్రం బుర్రకు తట్టలేదు. తను మోసిన నలభై ఆరు గోతాల్లో తన ఇంటివి ఎన్నో.

"పోనీ, నేను కడిగిన తర్వాతైనా..." అన్నాడు.

"నిండా ఉన్నప్పుడు, ఇంకొకటి వేస్తే ఏమైందిలే అనుకున్నాను. ఖాళీ అయ్యాక, ఒక్కటే కదా, ఏమైందిలే అనుకున్నాను." సంచి మూతి ముడి వేస్తూ అంది, "ఎప్పుడు వేసినా ఒకటేనండీ వేసేది."

ఎవరిని తిట్టగలడు? మర్నాటినుంచి బండి వచ్చేదాకా ఆగి, సంచి తనే దించి, పనికి ఆలస్యంగా వెళ్ళేవాడు. మేస్త్రీ, ఈమధ్య నీకు తెల్లారడం లేటవుతోందని తోటి పనివాళ్ళు ఎకసెక్కాలాడేవారు. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అదింకో తప్పు.

వారం తిరక్కుండా రెండో అంతస్తు కిటికీలోంచి సంచి పడటం కళ్ళారా చూశాడు. గబగబా వెళ్ళి తలుపు తట్టాడు. ఆ ఇంటావిడ తలుపు తీసి, ఏం మేస్త్రిగారూ అంది. మా కిటికీలోంచి ఒక్క కాగితం ముక్క పడలేదన్న ఆ పాత వాక్యం ఇక అతను అనడానికి లేదు.

"కుళాయి ఏమైనా కారుతోందామ్మా?" అని అడిగాడు.

కారడం లేదంది. అతను మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత ఎవరూ అడ్డు లేరు. వానలు వెళ్ళేసరికి సందు మళ్ళీ నిండింది. అతను తన ఇంటి సంచి ఒక్కటీ మోసుకుంటూ, ఇనుప తలుపు వైపు చూడకుండా నడిచేవాడు. తాళంచెవి ప్రెసిడెంటుకు ఇచ్చేశాడు.

చలికాలంలో నడుం పట్టేసి మంచమెక్కాడు. నాలుగు రోజుల చెత్త సంచి గుమ్మం దగ్గరే ఉంది, చీమలు పట్టాయి. పక్కింటివాళ్ళని అడుగుదామా అంది భార్య. పక్కింటివాళ్ళు ఎక్కడ వేస్తారో ఇద్దరికీ తెలుసు. ఆవిడ మెట్లవైపు రెండు అడుగులు వేసి, రెయిలింగు పట్టుకుని నిలబడిపోయి, మళ్ళీ లోపలికొచ్చింది. ఒకప్పుడు చెప్పకుండా వేసిన మనిషి, ఇప్పుడు సంచి చేత్తో పట్టుకుని అతని మంచం దగ్గర నిలబడింది.

"మీరు చెబితేనే వేస్తానండీ."

అతను సంచిమీద పాకుతున్న చీమల్ని చూశాడు.

"వేసెయ్."

ఆవిడ కదల్లేదు. సరిగ్గా వినలేదేమో అనుకుని అతను ఇంకోసారి అన్నాడు.

వంటింట్లో కిటికీ గడియ తీసిన చప్పుడైంది. సిమెంటు నేల తగిలితే ఎలా మోగుతుందో అతనికి తెలుసు, అందుకే చెవులు రిక్కించాడు. ఏమీ మోగలేదు. సంచుల మీద సంచి మెత్తగా పడింది. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చేసరికి మేస్త్రి గోడవైపు తిరిగి, నోట్లో దుప్పటి కుక్కుకుని ఏడుస్తున్నాడు.