వెనక గదిలో ఇంకా రాణి పుట్టలేదు

మా బాబాయికి ఒకటే పిచ్చి. చదరంగం ఆడితే వెయ్యేళ్ల కిందట ఆడినట్టే ఆడాలి. ఇప్పటి పద్ధతిలో ఎవరైనా పావు ముట్టుకుంటే, పెళ్లిలో ఎవరో పీటలు లాగేసినట్టు గోల పెట్టేవాడు.

ఆయనది కళ్లద్దాల కొట్టు. ముందు గదిలో నేను ఫ్రేములు అమ్ముతాను, పక్క గదిలో ఆయన కళ్లు పరీక్ష చేస్తాడు, వెనక గదిలో చదరంగం. పాపం, పరీక్ష యంత్రానికి గడ్డం ఆనించుకుని కూర్చున్నవాళ్లకి తప్పించుకునే దారి ఉండదు.

"కింది వరస చదవండి. అవునూ, చదరంగం అసలు పేరేంటో తెలుసా? చతురంగం! రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాల్బలం, నాలుగు అంగాల సైన్యం. కదలకండి!"

"నాకు కింది వరస కనపడట్లేదండీ."

"అప్పటి మంత్రికీ అంతే, పక్క గడి తప్ప ఏమీ కనపడదు. ఐమూలగా ఒక్క అడుగు!"

నిజానికి ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. అంతకుముందు అందరిలాగే ఆడేవాడు, అందరిలాగే డ్రైవర్ మావయ్య చేతిలో ఓడిపోయేవాడు. డ్రైవర్ మావయ్యంటే రైలింజన్ నడిపి రిటైరైన మనిషి, బాబాయి చిన్ననాటి స్నేహితుడు, వెనక గదికి మకుటం లేని మహారాజు. ఆయన పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉండి, కాలూ చెయ్యీ తిన్నగానే ఇంటికొచ్చాడు. ఆ సంబరంలో అందరం గదిలో చేరితే, బాబాయి బల్లమీద గుద్ది ప్రకటించాడు.

"ఇవాళ్టి నుంచి ఈ గదిలో పాత ఆటే!"

మొదట నవ్వాం. ఆయన నవ్వలేదు. రంగుల బల్ల తీసేసి గీతలు మాత్రమే ఉన్న బల్ల పరిచాడు. "నలుపూ తెలుపూ గడులు తర్వాత ఐరోపావాళ్లు వేసిన రంగులు. మనవాళ్లకి గీతలు చాలు." మూలల్లో ఉన్న ఏనుగుల్ని రథాలన్నాడు, శకటాల్ని ఏనుగులన్నాడు. "మూలన నిలబడి తిన్నగా పరిగెత్తేది రథమే. మన నోళ్లలో పేర్లు తారుమారయ్యాయి." ఆ ఏనుగు ఐమూలగా సరిగ్గా రెండో గడిలోకే దూకాలి, మధ్యలో ఎవరున్నా పట్టించుకోదు. బంటుకి ఎప్పుడూ ఒకటే అడుగు. చివరిదాకా పాక్కుంటూ వెళ్తే మంత్రి అవుతుంది, ఆ మంత్రి మళ్లీ ఐమూలగా ఒక్కటే అడుగు.

"మరి ఇంత కష్టపడి ప్రమోషన్ ఎందుకండీ?" అన్నాడు అర్జెంటు.

అర్జెంటు అంటే పక్క సెలూనాయన. కటింగూ అర్జెంటే, ఆటా అర్జెంటే.

"ఉద్యోగాలన్నీ అంతేగా," అన్నాడు బాబాయి.

ఆట జీడిపాకంలా సాగేది. అర్జెంటు ఒక ఎత్తు వేసి, వెళ్లి ఒక గుండు గీసి వచ్చినా యుద్ధం మొదలయ్యేది కాదు. మంత్రి బలహీనుడు కాబట్టి రాజుని పట్టుకోవడం మహా కష్టం. అందుకే పాతవాళ్లు ఇంకో వెసులుబాటు పెట్టుకున్నారట: ఎదుటి సైన్యాన్నంతా తినేసి రాజుని ఒంటరివాణ్ణి చేసినా గెలిచినట్టే. ఈ పద్ధతిలో కూడా గెలిచేది డ్రైవర్ మావయ్యే.

"షా మాత్!" అనేవాడు బాబాయి, తన రాజే పోయినా ఉత్సాహంగా. "ఆట మన దగ్గర్నుంచి పర్షియా వెళ్లింది, అక్కణ్ణుంచి అరబ్బులు పట్టుకుపోయారు. రాజు చిక్కాడని ఆ మాటకి అర్థం. ఇప్పటి చెక్‌మేట్ దాని మనవడు!"

"నువ్వు చిక్కావు, అది చూసుకో ముందు," అనేవాడు మావయ్య.

మా పిన్ని మాత్రం, "ఈయన్ని మళ్లీ ఈ శతాబ్దానికి తీసుకొచ్చే డాక్టరుంటే చెప్పవే," అని నా ప్రాణం తీసేది.

ఒక ఆదివారం అర్జెంటు ఓపిక నశించింది. బాబాయి బజారుకెళ్లడం చూసి, సెలూన్లోంచి కొత్త బల్ల తెచ్చి మావయ్య ముందు పరిచాడు. "మగాళ్లలా ఇప్పటి ఆట ఆడదాం రండి!" మావయ్య సరేనన్నాడు. నాలుగు ఎత్తులు పడ్డాయో లేదో, మావయ్య కుడిచేతి వైపునుంచి అర్జెంటు శకటం ఐమూలగా సర్రున వచ్చి ఆయన మంత్రిని ఎగరేసుకుపోయింది. పసివాడు కూడా చూసే ఎత్తు! మావయ్య బల్లకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడే బాబాయి కూరల సంచితో వచ్చాడు. సంచి బల్లమీదే కుమ్మరించాడు. రాజుల మీద వంకాయలు దొర్లాయి.

"చెల్లదు! శకటం అంత దూరం రావడం ఈ గదిలో ఇంకా పుట్టలేదు!"

"మీకు పిచ్చి ముదిరిందండీ!" అంటూ అర్జెంటు బల్ల చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మావయ్య కూడా లేచి ఇంటికెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. "పెద్దమనిషి ఆటలో వంకాయలు పోస్తావా బాబాయ్? ఏం మర్యాద?"

ఆయన నన్ను పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టాడు. కళ్లజోడు ఒకటి తీసి, రెండద్దాలకీ కుడి సగం నల్ల కాగితం అంటించి నా ముక్కు మీద పెట్టాడు. ఎదురుగా చదరంగం బల్ల.

"తల తిప్పకుండా చూడు. నీ మంత్రి క్షేమమేనా?"

"క్షేమమే."

ఠక్కుమని నా మంత్రి మాయమైంది. శకటం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియనేలేదు.

"మీ డ్రైవర్ మావయ్యకి లోకం ఇలా ఉందే ఇప్పుడు," అన్నాడు బాబాయి, కాగితం ఒలుస్తూ. "కళ్లు బాగానే ఉన్నాయి, పక్షవాతం దెబ్బకి మెదడులో చూపు చెదిరింది. అద్దాలతో పోయేది కాదు. పాత ఆటలో దెబ్బలన్నీ దగ్గర్నుంచే వస్తాయి. రథం ఒక్కటే దూరం, అదీ తిన్నగా. వాడు జీవితమంతా పట్టాలు చూసినవాడు, తిన్నని గీతైతే వెతుక్కోగలడు."

"ఆ మాట అందరికీ చెప్పొచ్చుగా!"

"చెబితే జాలిపడి ఓడిపోతారు. వాడు చచ్చిపోతాడు. నన్ను పిచ్చోడనుకుంటే నాకేం తరుగు?"

మర్నాడు అర్జెంటు దగ్గరకెళ్లి బతిమాలి తెచ్చాను. కారణం చెప్పలేదు. గదిలో టీ ఫ్రీ అన్నాను.

అప్పట్నుంచి గమనించాను. డ్రైవర్ మావయ్యకి డాక్టరు కసరత్తు ఇచ్చాడు, కళ్లని కావాలని కుడివైపుకి తిప్పి వెతుక్కోవడం. బాబాయి అప్పుడప్పుడూ ఆయన్ని కూర్చోబెట్టి గోడమీద చిన్న దీపాలు వెలిగించి, ఎన్ని కనపడ్డాయో లెక్క చూసేవాడు. దీపాలు ఎక్కువ దొరికిన సాయంత్రం చరిత్ర ఒక అడుగు ముందుకేసేది.

"శుభవార్త! ఐరోపాలో బంటుకి మొదటి ఎత్తులో రెండడుగులు వేసే హక్కొచ్చింది!"

కొన్నాళ్లకి, "పదిహేనో శతాబ్దం ముగుస్తోంది! మంత్రి అక్కడ రాణి అయింది, అన్ని వైపులా ఎంత దూరమైనా పోతుంది. శకటానికీ ఐమూల దారులన్నీ తెరిచారు. జనం దీన్ని పిచ్చి రాణి ఆట అన్నారు!"

"అమ్మయ్య, బతికించారు," అని అర్జెంటు దణ్ణం పెట్టాడు. ఆ రోజు మావయ్య తల కుడికి తిప్పి తిప్పి చూసి, బల్ల ఆ చివరనుంచి రాణిని తెచ్చి బాబాయి రాజు నెత్తిన కూర్చోబెట్టాడు. ఓడిపోయిన బాబాయి మిఠాయి పంచాడు.

తర్వాత రాజు కోటలో దాక్కునే ఎత్తూ వచ్చింది. మొన్న మావయ్య దీపాలన్నీ పట్టేశాడు. సాయంత్రం ఆయనే అర్జెంటు తాలూకు రాజుని మూలకి నెట్టి, చెక్ లేదు, కదలడానికి గడీ లేదు అనే స్థితికి తెచ్చాడు.

"గెలుపు నాదే!" అన్నాడు మావయ్య. "అరబ్బుల కాలం నుంచీ ఇది గెలుపే!"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ్టి నుంచి ఇది డ్రా. రెండొందల ఏళ్ల కిందట తేల్చేశారు."

మావయ్య మండిపడ్డాడు. "ఏరా! నా కళ్లు కుదుటపడ్డాయని తెలిసిన రోజే చరిత్ర అయిపోయిందా? ఇంకో వారం ఆగితే నీ సొమ్మేం పోయేది?"

బాబాయి నోరు తెరిచి నాకేసి చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"అమ్మాయిని చూడకు," అన్నాడు మావయ్య, పావులు మళ్లీ పేరుస్తూ. "బల్లమీద వంకాయలు పోసిన రోజే అర్థమైంది. ఆ ముసలి మంత్రితో ఒక్కొక్క అడుగు వేయలేక చచ్చాన్రా నేను! నీ ముచ్చట కదా అని ఊరుకున్నా. కూర్చో, ఇప్పుడు చెబుతా నీ పని."