నాయన కింద చెల్లెలి గీత

మనవరాలు ఇంటివాళ్ళందర్నీ ఫోన్‌లోకి ఎక్కిస్తున్న రోజుల్లో ఇంట్లో నా విలువ కొంచెం పెరిగింది. నేను చదివింది మూడో తరగతి. అయినా ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఏ కరువులో పుట్టారో నన్నే అడగాలి. నేను శనక్కాయలు ఒలుస్తూ చెబుతుంటే మనవరాలు ఫోన్ నా ముందు పెట్టి నా గొంతు రికార్డు చేసుకునేది. ఆ వంశవృక్షం యాప్‌లో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గడి. గడిలో పేరు, ఫోటో, పుట్టిన సంవత్సరం. పైనున్న తల్లిదండ్రుల గడికి ఒక గీత. గడిని నొక్కితే ఆ మనిషి పేజీ తెరుచుకుంటుంది. కథలూ గొంతులూ అక్కడ ఉంటాయి.

ఒకనాడు ట్రంకుపెట్టెలోని పాత ఫోటో బయటపడింది. రిబ్బన్లు కట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు కెమెరాను చూసి భయపడుతున్నారు.

"వీళ్ళెవరవ్వా?"

"ఒకటి నేను. ఒకటి నా చెల్లెలు."

"సొంత చెల్లెలా?"

"ఏం మాటే అది? ఒక్క నాయన బిడ్డలం మేము. ఒక్క గంగాళంలో నీళ్ళు పోసుకున్నోళ్ళం."

ఆ మాట రికార్డయింది. మనవరాలు ఫోటోలో ఇద్దరి మొహాల చుట్టూ చదరం గీసి, చెల్లెల్ని కూడా మా నాయన కిందే వేసింది. చూడటానికి బాగుంది.

నిజానికి ఆమె నా మేనత్త కూతురు. మేనత్త బాలింతరాలిగా ఉండగానే పోయింది. నాయన పోయి ఆ పసిగుడ్డును భుజాన వేసుకుని వచ్చాడు. ఈ ఇంట్లో ఇక ఇద్దరు ఆడపిల్లలు అన్నాడు. మేనకోడలు అనే మాట మా గడప లోపల ఎవరన్నా అంటే ఆ పూట ఆయన అన్నం తినేవాడు కాదు. పెళ్ళిలో కన్యాదానం కూడా ఆయనే చేశాడు. ఆ సంగతి తెలిసిన పెద్దలంతా పోయారు. మేమిద్దరం మిగిలాం. మేము కూడా ఎన్నడూ అనుకోలేదు. యాప్ ముందు మాత్రం ఎందుకు అంటాను?

చెల్లెల్ని ఇచ్చింది ముదిగుబ్బలో. ఆమె కొడుకు కొడుకు అక్కడ డ్రిప్పు పైపుల అంగడి నడుపుతున్నాడు. వాడికి మా మనవరాలిని చేసుకోవాలని చెల్లెలే అడిగింది. వరసలు చూసేది ఎప్పుడూ నేనే కాబట్టి, నేను సరేనన్నాక ఇంట్లో ఎవరూ లెక్క వేయలేదు. పిల్లకీ ఇష్టమే. ఎంత ఇష్టమో దాచుకోవడానికి రోజూ ఒకసారి వాడి మీసాన్ని తిట్టేది. ఆదివారం తాంబూలాలు మార్చుకుందామని అనుకున్నాం.

బుధవారం మనవరాలు ఆ వంశవృక్షాన్ని ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టింది. మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, ఫోన్‌ను మోచేతి దూరంలో పెట్టుకుని, రెండు వేళ్ళతో గడులు పెద్దవి చేసుకుంటూ పూటంతా చూశాడు. మధ్యాహ్నం సంగటి ముందు కూర్చుని అడిగాడు.

"ఏం వదినా, ఆదివారం తాంబూలం అన్నకీ చెల్లెలికా?"

అందరి చేతులూ ఆగాయి.

"అక్కచెల్లెళ్ళ కొడుకులు అన్నదమ్ములు. అన్నదమ్ముల బిడ్డలు అన్నాచెల్లెళ్ళు. ఇది నేను చెప్పేది కాదు, ఫోన్‌లో ఉండాది."

మనవరాలు వాళ్ళిద్దరి గడులూ నొక్కి చూసింది. "సెకండ్ కజిన్ అని చూపిస్తాండాది తాతా."

"కజిన్ అంటే బావనా, అన్ననా?"

"అది చెప్పదు తాతా. దానికి రెండూ ఒకటే."

"బావకీ అన్నకీ తేడా తెలీని దాన్ని పెట్టుకొని పెండ్లి సంబంధాలు చూస్తాండారా మీరు?"

నేను అప్పుడు ఉన్న సంగతి చెప్పాను. ఆమె మేనత్త కూతురనీ, ఆ లెక్కన మా కొడుకులు బావా బావమరుదులనీ, పిల్లలకు వరస సరిగ్గా కుదురుతుందనీ. మరిది నెమ్మదిగా విన్నాడు. తర్వాత చెల్లెలి పేజీ తెరిచి నా గొంతు వినిపించాడు. ఒక్క నాయన బిడ్డలం మేము. గంగాళం కూడా వినిపించింది.

"ఇది నీ గొంతే గదా వదినా? ఆ పొద్దు సంబంధం మాట ల్యాదు, నిజం చెప్పినావు. ఈ పొద్దు సంబంధం ఉండాది, వరస మారిపాయె."

నా పెద్దకొడుకు, అంటే పిల్ల తండ్రి, చెయ్యి కడుక్కుని లేచాడు. వరస తేలేదాకా తాంబూలాలు వద్దన్నాడు. నా జ్ఞాపకం మీద ఈ ఇంట్లో పొలం గట్టు తగాదాలు కూడా తేలాయి. ఆ రోజు మాత్రం అది చెల్లలేదు. మనవరాలు మీసాన్ని తిట్టడం మానేసింది. అది చూసి నాకు భయం వేసింది.

ఇక చెప్పగలిగింది చెల్లెలు ఒక్కతే. ఫోన్ చేశాను. శుక్రవారం మొదటి బస్సుకు వచ్చింది, సంచినిండా చింతపండుతో. మంచినీళ్ళు తాగి, అందరూ చేరేదాకా ఆగింది.

"అంటే నన్ను మా నాయన కింద నుంచి తీసేస్తారా?"

మరిది నేల చూశాడు. మనవరాలు ఆమె పక్కన కూర్చుంది.

"తీసేది ల్యాదవ్వా. ఒక మనిషికి రెండు జతల తల్లిదండ్రుల్ని పెట్టొచ్చు. ఒకరు కన్నోళ్ళు, ఒకరు పెంచినోళ్ళు అని రాస్తాం. కాకపోతే బొమ్మలో ఒక జత కిందే కనపడతావు. ఇంకో జత నీ పేజీలో ఉంటుంది."

"యా జత కనపడల్లో ఎవురు చెప్తారు?"

"మనమే."

చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంది. "రాసుకో అయితే. నన్ను కన్నది ఈమె మేనత్త. నాకు పాలు కూడా సరిగ్గా ఇయ్యకనే పోయింది. నన్ను సాకింది మామ." ఆ చివరి మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు. వినకుండా ఉంటే బాగుండేదనిపించింది.

మనవరాలి వేలు కదిలింది. చెల్లెలి గడి మా నాయన కింద నుంచి జరిగి, పక్కన మేనత్త కిందికి పోయింది. మేనత్త గడిలో ఫోటో లేదు. ఫోటో లేని ఆడవాళ్ళకు యాప్ పెట్టే బూడిదరంగు తల ఉంది.

"ఈమెకు మొగం ల్యాదే," అంది చెల్లెలు.

"ఎవురూ ఫోటో తీయల్యా," అన్నాను నేను.

మనవరాలు మళ్ళీ రెండు గడులూ నొక్కింది. "ఇప్పుడు థర్డ్ కజిన్ అంటాండాది తాతా."

"బావేనమ్మా," అన్నాడు మరిది. తర్వాత ఏదో లెక్క వేసుకుని చెల్లెలి వైపు తిరిగాడు. "అట్లయితే నేను నీకేమవుతా?"

"వదిన మొగుడి తమ్మునివి. అన్నవి."

యాభై ఏళ్ళుగా మరదలా అని ఆమెను ఆటపట్టిస్తున్న మనిషి. మీసం సర్దుకున్నాడు.

"ఒక మాట," అంది చెల్లెలు. "తాళి కట్టేదాకానే ఈమె కింద ఉంటా. కట్టినాక నన్ను మా నాయన కిందికి మార్చల్ల."

"అప్పుడు ఆ బొమ్మలో వీళ్ళు మళ్ళా అన్నాచెల్లెళ్ళు అవుతారు గదమ్మా!"

"కట్టిన తాళిని యాప్ తెంపుతుందా అన్నా?"

ఆదివారం తాంబూలాలు మార్చుకున్నాం.

పెళ్ళినాడు తలంబ్రాల బియ్యం జడలోంచి ఇంకా రాలుతుండగానే మనవరాలు ఫోన్ అడిగి తీసుకుంది. పెళ్ళికొడుకు ఎవరికి మెసేజ్ పెడుతోందోనని తొంగిచూశాడు. పిల్ల గీత జరిపి, నా చెల్లెల్ని పిలిచి చూపించింది. నాయన కింద మేమిద్దరం పక్కపక్కన ఉన్నాం. చెల్లెలు కళ్ళద్దాలు పైకెత్తి చూసి, "ఆ, సరే," అని భోజనాలకు పోయింది.

అక్కడ మరిది వడ్డన చూస్తున్నాడు. ఆమెకు విస్తరి వేయించి, నీళ్ళు తానే పోశాడు.

"కూర్చో మరదలా," అన్నాడు.