ఏ రకంలోనూ చేరని పేజీ

నా మాట ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. కోయంబత్తూరులో ఒక ఆసుపత్రి పాత కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆఫీసు మాది. కలగాపులగంగా వచ్చే స్కాన్ పేజీలను డిశ్చార్జ్ రిపోర్టు, ల్యాబ్ రిపోర్టు, మందుల చీటీ అని మూడు రకాలుగా విడదీయడం నా పని. ఒక్కో రకానికి ఒక్కో టెంప్లేట్ ఉంటుంది. తనకు నేర్పిన వివరాలనే అది తీసుకుంటుంది.

ఒకరోజు మా చిన్నమ్మ పేజీయే వచ్చింది. మేట్టుపాళయం డాక్టరు చేత్తో రాసిచ్చిన ఉత్తరం అది. ఆమెకు పెనిసిలిన్ పడదని రాసి, కింద షుగర్ లెక్కలు వేశాడు. ఇది మూడింటిలో ఏదీ కాదు, ‘తెలియనివి’ అని ఇంకో రకం పెట్టండి, అవి మనిషే చదవాలి అన్నాను.

"ఏమన్నా, పేజీకి జాతకం చూస్తా ఉండావా? సెరి, విడు. షుగర్ ఉందిగదా, ల్యాబ్‌లో వేసెయ్" అంది మా సూపర్‌వైజర్.

నేను వెయ్యలేదు. ఆమే వేసింది. టెంప్లేట్ షుగర్ తీసుకుని మిగతాది వదిలేసింది.

పోయిన నెల చిన్నమ్మను స్పృహ లేకుండా అదే ఆసుపత్రిలో చేర్చారు. రికార్డులో ‘పడని మందులు’ అనే గడి ఖాళీగా ఉంది. నేను ఆఫీసు నుంచి చేరేలోపే పెనిసిలిన్ ఎక్కించేశారు. ఆమె ఇంకా ఐసీయూలోనే ఉంది, డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దంటున్నారు.

మా ఆఫీసులో ఈరోజుకీ మూడు రకాలే. నాలుగోది ఎందుకు పెట్టలేదు? ఆ సూపర్‌వైజర్ నా ముందు నిలబడి బదులు చెప్పాలి.