చిన్నమ్మకు పెట్టిన టెస్టర్

ఆ ఆఫీసులో రెండు సర్వర్లుండేవి. ఒకదాని పేరు పెద్దమ్మ, రెండోదాని పేరు చిన్నమ్మ. ఎవరు ఏ సరదాలో పెట్టారో గానీ, గోడ మీది బోర్డు దగ్గర్నుంచి ప్రోగ్రాముల దాకా అవే పేర్లు పాకిపోయాయి. పదకొండు డయాలసిస్ సెంటర్లలో ఏ రోగికి ఏ రోజు, ఏ పూట, ఏ మంచం అన్న వివరాలన్నీ పెద్దమ్మ దగ్గర ఉండేవి. చిన్నమ్మ మాత్రం ప్రోగ్రాములు పరీక్షించుకోవడానికి. ఆవిడను తుడిచెయ్యొచ్చు, నింపొచ్చు, మళ్లీ తుడిచెయ్యొచ్చు, అడిగేవాళ్లు లేరు. మూడేళ్లు అలాగే గడిచాయి.

అలాంటి చోటికి రెండు నెలల ఇంటర్న్‌షిప్ కోసం ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి వచ్చింది. పెద్దమ్మ, చిన్నమ్మ ఉన్న ఇంట్లో కొత్తగా వచ్చిన పిల్లను ఏమంటారు? మొదటి రోజు మధ్యాహ్నానికే ఆమె కొత్తమ్మ అయిపోయింది. ప్రింటర్ పక్కన, ఒక చెయ్యి ఊగిపోయే కుర్చీ ఇచ్చారు. మూడు వారాలు తెరల మీద అక్షర దోషాలు దిద్దించారు. ఆమె అదీ శ్రద్ధగానే చేసింది. కూర్చుని గోళ్లు గిల్లుకునే రకం కాదు.

ఆమెకు పని చెప్పేది టీమ్ లీడ్. మంచివాడు, చెయ్యి చురుకు. ఉన్నది ఒక్కటే జబ్బు: ఏ పనిలోనైనా చివరి ముక్కను "లంచ్ తర్వాత చూద్దాం" అంటాడు. ఏ రోజు లంచో మాత్రం చెప్పడు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని లంచ్ తర్వాతన్న అంటారు. ఎదురుగా అన్నా ఆయనే ముందు నవ్వుతాడు.

ఆ రోజు మాత్రం నవ్వే తీరిక లేదు. పన్నెండింటికి కొత్త ప్రోగ్రామును సెంటర్ల డాక్టర్లకు చూపించాలి. పదిన్నర దాటాక ఆయన ప్రింటర్ దగ్గరికి వచ్చి, "కొత్తమ్మా, నీ లాప్‌టాప్‌లో టెస్టులన్నీ ఒకసారి నడిపెయ్. పదకొండున్నరకల్లా అన్నీ పాసయ్యాయని చెప్పు, చాలు" అన్నాడు.

మొదటిసారి దొరికిన అసలు పని. కొత్తమ్మకు ఒళ్లంతా హుషారొచ్చింది. ఆదేశం టైపు చేసింది. ఎంటర్ మీద వేలు పెట్టి, ఆగింది.

ఆ ఆగడం ఎక్కడిదో చెప్పాలి. వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్. సెలవుల్లో ఆయన సంచి మోస్తూ, టార్చి పట్టుకుని వెంట తిరిగింది. స్విచ్ ఆపినా, మెయిన్ ఆపినా, జేబులోంచి టెస్టర్ తీసి తీగ మీద పెట్టి చూడకుండా ఆయన చెయ్యి వెయ్యడు. "ఆపామన్నది మన నోటి మాట. తీగకి అది తెలీదు" అంటాడు. విని విని ఆమెకు విసుగొచ్చింది గానీ, అలవాటు మాత్రం ఒంటబట్టింది.

టెస్టులు మొదలవగానే ముందు పట్టికలన్నీ ఖాళీ చేస్తాయని, తర్వాత పదిమంది ఉత్తుత్తి రోగులను నింపుకుంటాయని ఆమె అంతకుముందే చదివింది. అంటే తుడిచే పని. తుడిచేముందు ఎక్కడ తుడుస్తున్నామో చూడొద్దూ? టెస్టుల ఫైలు తెరిచింది. అందులో కనెక్షన్ స్ట్రింగ్ ఒక్క వరుస. ఏ సర్వర్‌కి, ఏ డేటాబేస్‌కి, ఏ లాగిన్‌తో వెళ్లాలో చెప్పేది. ఇంటి చిరునామా, తాళంచెవి ఒకే చీటీకి కట్టినట్టు. చిరునామా చిన్నమ్మది. సరిగ్గానే ఉందనిపించింది. అయినా అదే లాగిన్‌తో లోపలికి వెళ్లి, ఎన్ని అపాయింట్‌మెంట్లున్నాయని అడిగింది. లెక్కపెడితే ఎవరికీ ఏమీ కాదు.

పదో ఇరవయ్యో ఉండాలి. నలభై ఒక్క వేల ఎనిమిది వందల ఆరు వచ్చాయి. అన్నిటికన్నా కొత్తది ఆ ఉదయం పది నలభై రెండుకు ఎక్కింది.

కొత్తమ్మ లాప్‌టాప్ చేతుల్లోకి తీసుకుంది. లేచి లీడ్ దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, టెస్టులు నడపలేదు. ఒకసారి చూస్తారా? చిన్నమ్మలో నిజం రోగులున్నట్టున్నారు."

"చిన్నమ్మేగా? టెస్టు సర్వరమ్మా అది. ఎవరో కాపీ తెచ్చి పెట్టుంటారు. నడిపెయ్, టైం లేదు" అన్నాడు ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండానే.

పదిమంది తలలెత్తి చూస్తున్నారు. వచ్చి నెల కూడా కాలేదు, అతి తెలివి అనుకుంటారేమో. కాలేజీకి పంపే రిపోర్టులో సంతకం పెట్టేది ఈయనే. కొత్తమ్మకు చెవులు వేడెక్కాయి. కానీ ఎంటర్ నొక్కే వేలు తనది. ఆయన బల్ల మీదే లాప్‌టాప్ పెట్టి, అదే ప్రశ్న మళ్లీ అడిగింది. నలభై ఒక్క వేల ఎనిమిది వందల ఎనిమిది.

"ఇందాక ఆరన్నా, ఇప్పుడు ఎనిమిది. కాపీ అయితే పెరగదు కదా!"

లంచ్ తర్వాతన్న చేతిలో కాఫీ కప్పు అక్కడే ఆగిపోయింది. "అయ్యో... మార్చాం కదా!" అన్నాడు మెల్లగా. వెంటనే కుర్చీలోంచి లేచి, గది దద్దరిల్లేలా, "ఎవరూ టెస్టులు ముట్టుకోవద్దు!" అని అరిచాడు.

సంగతి ఇదీ. నెల కిందట పెద్దమ్మకు వయసైపోయిందని, ఎక్కువ మోయగల చిన్నమ్మకు రోగుల వివరాలన్నీ మార్చారు. పెద్దమ్మ టెస్టులకు మిగిలింది. పేర్లు మారిస్తే పదకొండు సెంటర్లలోనూ మార్చాలని అలాగే వదిలేశారు. అలా మార్చిన రోజు చెయ్యాల్సిన పనులు లీడ్ ఏడు రాసుకున్నాడు. ఏడోది: టెస్టుల ఫైలులో చిరునామా మార్చి, చిన్నమ్మలో పాత టెస్టు లాగిన్ తీసెయ్యాలి. దాని పక్కన ఆయన చేత్తోనే రాసుంది, "లంచ్ తర్వాత". మిగతా వాళ్ల లాప్‌టాపుల్లో ఎవరి ఫైలు వాళ్లు దిద్దుకున్నారు కాబట్టి ఏమీ కాలేదు. అందరికీ ఉమ్మడిగా ఉన్న పాత ఫైలుతో వచ్చింది కొత్తమ్మ ఒక్కతే.

డేటాబేసులు చూసుకునే అక్క వచ్చి లాగిన్ పరీక్షించింది. "తుడిచే హక్కు కూడా ఉందిరా బాబూ దీనికి" అని నెత్తి కొట్టుకుంది. "బ్యాకప్ రాత్రి రెండింటిది. పొద్దుట్నుంచి ఎక్కించినవన్నీ పోయేవి. అది తిరిగి పెట్టేలోపు మధ్యాహ్నం బ్యాచ్ వాళ్లొస్తే, తెర మీద ఒక్కరి పేరూ ఉండేది కాదు." వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకుంటే తప్ప గడవని మనుషులు వాళ్లు.

లాగిన్ మూసేశారు. చిరునామా మార్చారు. ఆ ఆఫీసు చరిత్రలో లంచ్‌కు ముందే పూర్తయిన ఏడో పని అదే. మేనేజర్ పరుగున వస్తే లీడ్ ఎదురెళ్లి, "తప్పు నాదండీ. రాసింది నేనే, మరిచింది నేనే, నడిపెయ్ అన్నదీ నేనే. ఆపింది మాత్రం కొత్తమ్మ" అన్నాడు. అందరి ముందూ, గొంతు తగ్గించకుండా. ఆ మాటతో ఆ మనిషి కొత్తమ్మ కళ్లలో చాలా ఎత్తు పెరిగాడు.

మర్నాడు ఆమెకు ఇంకో పని ఇచ్చాడు. ఇకమీద టెస్టులు ఏదైనా తుడిచేముందు, అది నిజంగా టెస్టు డేటాబేసేనా అని చూడాలి. కొత్తమ్మ పెద్దమ్మలో మాత్రమే ఉండే ఒక గుర్తు పెట్టింది. గుర్తు కనిపించకపోతే టెస్టుల ప్రోగ్రాము దేన్నీ ముట్టకుండా ఆగిపోతుంది. ఆగినప్పుడు తెర మీద ఏం చెప్పాలో నీ ఇష్టం అన్నారు.

రెండు వారాలకు లీడ్ కుర్చీలోంచి పెద్ద నవ్వు వినిపించింది. టెస్టులకు ఇంకో కొత్త సర్వర్ చిరునామా ఇచ్చి, అందులో గుర్తు పెట్టడం ఆయన లంచ్ తర్వాతకు వదిలేశాడు. తెర మీద వచ్చినదాన్ని పైకి చదివాడు: "ఆపామన్నది మన నోటి మాట. తీగకి అది తెలీదు. టెస్టర్ పెట్టి చూడు." ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రం కొత్తమ్మ ఫోనులో దాని ఫోటో చూపించింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదివాడు.

"ఇది నా మాటే కదే?"

"నీదే నాన్నా. అది ఒప్పుకుంటేనే ఇప్పుడు మా లీడ్ పనైనా నడుస్తుంది."

ఆయన ఫోను పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. "చూశావా, అంత పెద్ద ఆఫీసులో నా మాట వింటున్నారు. ఈ ఇంట్లోనే ఎవరూ వినరు!" అన్నాడు. అమ్మ తడి చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది.

"నీ మాట విన్నది ఆఫీసు కాదు, నా కూతురు" అంది.