రెండో సోమవారం

నల్లమాడ దారిలో జయరాముడికి ఒక టీకొట్టు ఉంది. టీ సంగతి ఎలా ఉన్నా, ఊరికి తేదీలు చెప్పే పనిని మాత్రం ఆయన ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్నాడు. అమావాస్య ఎప్పుడని అడిగితే చాలు, కళ్ళజోడు తుడుచుకుని గోడ మీది క్యాలెండరు దగ్గరికి నడిచి, వేలు పెట్టి మరీ చెప్తాడు. చదివింది ఏడో తరగతే అయినా బడాయి మాత్రం పట్టా అందుకున్నవాడిది.

మార్చిలో ఆ బడాయికి ఒక దెబ్బ తగిలింది. మండలం ఆసుపత్రికి కంటి డాక్టరు నెలకొకసారి, రెండో సోమవారం వస్తాడు. ఎప్పుడని కొట్టుకొచ్చే బసప్ప అడిగితే, ఈయన సోమవారం వరుసలో రెండో గడి చూసి మూడో తేదీ అన్నాడు. మన క్యాలెండర్లలో వారాలు నిలువుగా, తేదీలు అడ్డంగా ఉంటాయి కదా. చోటు చాలని నెలల్లో ముప్పై, ముప్పై ఒకటి తెచ్చి మొదట్లో ఖాళీగా ఉన్న గడుల్లో కూర్చోబెడతారు. ఆ నెల సోమవారం వరుసలో మొదటి గడిలో ఉన్నది ముప్పై ఒకటి. బసప్ప ఉత్తచేతులతో తిరిగొచ్చి, నలుగురిలో నవ్వాడు. మళ్ళీ సోమవారం పోయి డాక్టరును చూసొచ్చాడు కాబట్టి సరిపోయింది.

జయరాముడు ఆ నవ్వును మింగలేక ఒక సూత్రం కనిపెట్టాడు. మొదటి గడిని వదిలేసి ఆ తర్వాత లెక్కపెట్టాలి! ఏప్రిల్‌లో, మేలో సోమవారం మొదటి గడి ఖాళీ కాబట్టి సూత్రం పారింది. తన తెలివికి తానే మురిసిపోయాడు.

జూన్‌లో రామాంజినమ్మ వచ్చింది. మేకలు కాసుకునే ఒంటరి మనిషి. రెండు కళ్ళకూ పొర కమ్మి, మేకలను గొంతును బట్టి గుర్తుపట్టే దాకా వచ్చింది. డాక్టరు చూసి సరేనంటే ఆ సాయంత్రమే బండెక్కించి ఆపరేషన్‌కు తీసుకుపోతారని విని, ఏ రోజు పోవాలని అడిగింది. ఆ నెల ఒకటో తేదీ ఆదివారం. సోమవారం మొదటి గడిలో నిక్షేపంలాంటి రెండో తేదీ ఉంది. జయరాముడు దాన్ని దాటేసి, "పదహారు అక్కా. నేనే పిల్చుకోని పోతా" అన్నాడు.

పదహారున ఆమెను ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టి, లోపలికి పోయి నర్సు మల్లీశ్వరిని అడిగాడు.

"డాక్టరు తొమ్మిదినే వచ్చి పోయినాడు కదన్నా. రెండో సోమారం ఎప్పుడైనా ఎనిమిదికీ పద్నాలుగుకీ నడుమే పడతాది. పదహారు ఎట్లయితాది?" అంది ఆమె, మామూలుగానే.

జయరాముడికి చెవులు కాలిపోయాయి. ఒకటి నుంచి ఏడు దాకా ఏ వారమైనా ఒక్కసారే వస్తుంది. అది మొదటిది, దానికి ఏడు కలిపితే రెండోది. ఏడో తరగతి దాకా పోనక్కర్లేదు, ఈ లెక్కకు. సిగ్గుతో బయటికొచ్చి అంతకన్నా సిగ్గుమాలిన పని చేశాడు. డాక్టరు ఈ నెల రాలేదంట అని రామాంజినమ్మతో చెప్పాడు.

ఆమె బస్సులో డాక్టరును తిట్టింది. ఊళ్ళో దిగాక కొట్టు ముందున్న వాళ్ళతో కూడా, జయరాముడు పాపం పని మానుకుని వచ్చినాడు, ఆయన లెక్క తప్పేది కాదు, డాక్టరే మాట తప్పినాడు అని చెప్పింది. తనను తిట్టినా బాగుండేదనిపించింది జయరాముడికి. మూడు రోజులు టీలో చక్కెర వేశాడో లేదో కూడా తెలియలేదు. మేకపిల్ల వెంట పోయి ఆమె రాళ్ళ మీద పడి మోకాలు చీరుకుందని నాలుగో రోజు తెలిసింది. ఇక ఆగలేకపోయాడు. ఆమె కొట్టుకు వచ్చినప్పుడు అందరూ వింటుండగానే చెప్పేశాడు.

"డాక్టరు తొమ్మిదినే వచ్చినాడక్కా. తప్పు నాది. ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినా."

ఎవరూ నవ్వలేదు. రామాంజినమ్మ జూలై ఒకటి ఏ వారమని అడిగింది. మంగళవారమని చెప్పాడు. ఆమె వేళ్ళు ముడుస్తూ మంగళారం ఒకటి, బుధారం రెండు అంటూ సోమారం ఏడు దాకా వచ్చింది. "ఇంగో సోమారం పద్నాలుగు" అని తేల్చింది. క్యాలెండరు వైపు తలైనా తిప్పలేదు.

"నీకు లెక్క వచ్చునే! మరి నన్నెందుకు అడిగితివి?" అన్నాడు జయరాముడు నీరసంగా.

"చదువుకున్నోడివి కదప్పా, నాకంటే నీకే బాగా తెలుస్తాదనుకుంటి."

కోపంగా అన్న మాట కాదు. అందుకే ఆయన తల ఎత్తలేకపోయాడు. ఆమె టీ తాగి, గ్లాసు తడుముకుంటూ బల్ల మీద పెట్టి లేచింది.

"ఆ చెయ్యి ఇట్లియ్యి జయరాముడూ" అంది. "మెట్టు కనపడల్యా."