పోశెట్టి చీటీ మీద నా ముద్రలు

1989లో బోధన్ బస్టాండ్ దగ్గర మందుల షాపు తెరిచాను. అంతకుముందు నిజామాబాద్‌లో ఇంకొకరి షాపులో నాలుగేళ్లు రిజిస్టర్డ్ ఫార్మసిస్టుగా పనిచేశాను. గోడకు లైసెన్సు ఫ్రేము కట్టించి తగిలించుకున్నాను. షాపు నాది, పేరు నాది, తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది కూడా నేనే. కౌంటరులో నాతోపాటు సాయిలు అనే సేల్స్‌మన్ ఉండేవాడు. మంచివాడే, కానీ ఎవరు ఏది అడిగినా లేదనడం చేతకాదు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. షెడ్యూల్ హెచ్ కిందికి వచ్చే మందులను డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఒకసారి ఇచ్చాక, డాక్టర్ సంతకానికి పైన మా షాపు ముద్ర కొట్టి తారీఖు వేయాలి. మళ్లీ ఇవ్వమని డాక్టరే రాస్తే తప్ప ఆ చీటీ మీద రెండోసారి ఇవ్వకూడదు. రోగి పేరు, డాక్టర్ పేరు, మందు పేరుతో బిల్లు రాసి, దాని కార్బన్ కాపీ మా దగ్గర ఉంచుకోవాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే మొదట అడిగేది ఆ కాపీలే. నియమం ఇంత తేటగా ఉన్నా ఊళ్లో ఏ షాపూ పాటించేది కాదు. నా షాపులో మాత్రం పాటిస్తున్నామనే నా నమ్మకం. ఆ నమ్మకం ఎంత వట్టిదో పోశెట్టి వల్ల తెలిసింది.

పోశెట్టి చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్ల మీద లోడ్లు ఎత్తే కూలి. ముప్పై ఏళ్లు ఉంటాయి. పొట్టి మనిషి, మెడ మాత్రం దిమ్మెలా ఉండేది. మొదటిసారి శివరాత్రి మర్నాడు కుంటుకుంటూ వచ్చాడు. సర్కారు దవాఖానా చీటీ చూపాడు. చీలమండ బెణికిందని, ఐదు రోజులకు డైక్లోఫెనాక్ గోలీలు, కట్టుకోవడానికి క్రేప్ బ్యాండేజి రాసి ఉంది.

"ఎట్ల తగిలింది?" అన్నాను.

"కుస్తీల పడ్డ సారూ," అన్నాడు. ఆ చెప్పడంలో సిగ్గు లేదు, బాధా లేదు. వాన పడిందన్నట్టు చెప్పాడు.

ఇటువైపు జాతర అంటే కుస్తీ ఉండాల్సిందే. దున్నిన నేలే గోదా. చుట్టూ జనం, ఒక పక్క డప్పులు. మొదటి కుస్తీకి బహుమతి కొబ్బరికాయ. పొద్దు వాలేకొద్దీ బహుమతి పెరుగుతుంది. ఆఖరి కుస్తీ వెండి కడెం మీద. పేర్లు ముందుగా రాసుకోవడం ఉండదు. పట్టదలుచుకున్నవాడు లంగోటి కట్టి చెయ్యి లేపి గోదాలో ఒక చుట్టు తిరుగుతాడు. వాణ్ని పట్టేవాడు ఎదురొచ్చి చెయ్యి కలుపుతాడు. ఎత్తు, ఒళ్లు చూసి పెద్దమనుషులు సరే అంటేనే అది జోడి. వీపు నేలకు ఆని మొహం ఆకాశం చూసినవాడు ఓడినట్టు. పొద్దుగూకేదాకా ఎవరూ పడకపోతే ఇద్దరినీ విడదీసి బరాబర్ అంటారు. మంజీర నది అవతలి మరాఠీ పహిల్వాన్లు కూడా కడెం కోసం వస్తారు.

ఆ తర్వాత పోశెట్టి ఒకసారి మోకాలు చుట్టుకొని వచ్చాడు. ఇంకొకసారి మోచేయి వాచి వచ్చాడు. అడిగితే ప్రతిసారీ ఒకటే మాట, "ఓడిన సారూ." నేను ఒక నవ్వు నవ్వి ఊరుకున్నాను. వీడికి తిక్క అనుకున్నాను. రోజుకు వందమందిని చూసే మనిషికి ఎవరి దెబ్బ ఎవరిదో గుర్తుండదు, అది నా సాకు.

రెండేళ్లు గడిచాయి. హోళీ ముందురోజు సాయిలు సెలవులో ఉంటే కౌంటరులో నేనే ఉన్నాను. పోశెట్టి వచ్చాడు. ఈసారి ఒంటి మీద ఏ కట్టూ లేదు. "గవే గోలీలు ఇయ్యి సారూ. రేపటికి కావాలె," అంటూ చీటీ ముందర పెట్టాడు.

"రేపటికా? దెబ్బ తగలకముందే మందా?"

"భుజం కొద్దిగ గుంజుతున్నది. గోలీ ఏసుకుంటే పట్టేటప్పుడు తెల్వది."

చీటీ విప్పాను. మడతల దగ్గర చినిగి, నూనె మరకలతో పసుపుపచ్చగా అయిపోయింది. ముద్ర కొడదామంటే చోటు లేదు. వెనక్కి తిప్పితే అక్కడా లేదు. మొదటిసారి చీలమండకు రాసిన అదే చీటీ! దాని మీద ఆరు ముద్రలు. ఆరూ నా షాపువే! రెండింటి మీద తారీఖు నా చేతిరాత, నాలుగింటి మీద సాయిలుది. అంటే సాయిలునే తిట్టి చేతులు దులుపుకోవడానికి కూడా లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. పోశెట్టిని అక్కడే నిలబెట్టి బిల్లుల కార్బన్ కాపీలు తీశాను. ముద్ర తారీఖులకు కాపీలు జోడించి చూశాను. ప్రతి తారీఖూ ఏదో ఒక జాతర మర్నాడే. మొదట చీలమండ కట్టు. తర్వాత మోకాలి పట్టీ. తర్వాత మోచేయి. చీలమండ మళ్లీ రాలేదు, మోకాలూ మళ్లీ రాలేదు. ఆ తర్వాత చెయ్యి వేలాడదీసే భుజం పట్టీ. మళ్లీ భుజమే. మళ్లీ భుజమే. అప్పటికి గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఈ మనిషి ఓడి, నా దగ్గర కట్టు కట్టుకొని, మానీమానకముందే మళ్లీ గోదాలోకి దిగుతున్నాడు. దింపుతున్నది నా గోలీలే.

"భుజం జారిందా?" అని గట్టిగా అడిగాను.

"మూడుసార్లు. ఊళ్లె పెద్దాయన ఎక్కిచ్చిండు."

"ఇంకోసారి జారితే చెరుకు కట్ట ఎత్తగలవా? ఇంట్ల ఏం తింటరు? నొప్పి ఉన్నదే చెయ్యి ఆపుమని చెప్పేందుకు. దాని నోరు మూసి కుస్తీ పడ్తవా? ఇయ్య! పో, డాక్టర్ దగ్గరికి పోయి కొత్త చీటీ తెచ్చుకో!" అని ఆ చీటీని డ్రాయరులో వేసుకున్నాను.

పోశెట్టి వెళ్లిపోయాడు.

అక్కడితో ఆగి ఉంటే నేను నా పని చేసినవాణ్నే. ఆగలేదు. రాత్రంతా ఒకటే మంట. కడెం కోసం వచ్చే పహిల్వాన్లకు పడేయడానికి ఒకడు కావాలి కాబట్టి ఈ కూలోణ్ని దింపుతున్నారని నాకు నేనే తీర్మానించుకున్నాను. మర్నాడు స్కూటర్ వేసుకొని పోశెట్టి వాళ్ల ఊరి హోళీ జాతరకు పోయాను. జోడీలు చూసే పెద్దమనిషి గంగారెడ్డి పటేల్ చాప మీద కూర్చొని ఉన్నాడు.

"పటేల్ సాబ్, మీకు తమాషా కావాలంటే వేరేటోన్ని చూసుకోండ్రి. పోశెట్టి భుజం మూడుసార్లు జారింది. నా దగ్గర లెక్క ఉన్నది. ఇంకోసారి జారితే మీరు సాకుతరా వాని పెండ్లాం పిల్లల్ని?" అని పదిమంది వినేలా అరిచాను.

పటేల్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఆయన్ని మేం పిలుస్తలేం సారూ. ఆయనే వచ్చి చెయ్యి లేపుతడు," అన్నాడు. కానీ మాట బుర్రలో పెట్టుకున్నాడు.

పొద్దు వాలింది. కడెం కుస్తీకి పోశెట్టి చెయ్యి లేపి గోదాలో తిరిగాడు. మరాఠీ పహిల్వాన్ ఒకడు ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. పటేల్ లేచి ఇద్దరి చేతులూ విడదీశాడు. "పోశెట్టీ, నీ భుజం ఖరాబున్నదట. మందుల షాపు సార్ చెప్పిండు. నీకు జోడి ఇయ్య," అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. పోశెట్టి గుంపులో నన్ను వెతికి పట్టుకొని ఒక్క చూపు చూశాడు. అంగీ భుజాన వేసుకొని గోదా దాటిపోయాడు.

మర్నాడు షాపు తెరిచేసరికి మెట్ల మీద ఉన్నాడు. అలవాటు కొద్దీ, "దెబ్బ తగిలిందా?" అన్నాను.

"తగిలింది సారూ. నీ చేతుల తగిలింది. దీనికి మందుంటే ఇయ్యి."

నేను కూడా వేడెక్కాను. "నీ మంచికే చెప్పిన! రెండేండ్లల ఆరుసార్లు ఓడినవ్. ఓడుడు తప్ప ఏం సాధించినవ్?"

"ఆరుసార్లు ఓడిన. పదకొండుసార్లు గెలిసిన. గది నీకు తెల్సా?" అన్నాడు పోశెట్టి. "మొదటోడు కాలు పట్టి గుంజిండు. మల్ల ఎవ్వనికి కాలు దొరకనియ్యలే. ఇంకోడు మోకాలు మీద ఏసిండు, గదీ నేర్సుకున్న. గా మరాఠాయన ఒక్కడే మిగిలిండు. మూడుసార్లు భుజం పట్టి పడేసిండు. మూడోసారి ఎట్ల పడేస్తున్నడో సూసిన. గిప్పుడు పడ్తుంటే నువ్వొచ్చి పదిమందిల నా చెయ్యి ఇరిగిందని సాటిచ్చినవ్. నా రోగం నీకు చెప్పుకున్న, పటేల్‌కు చెప్పుకోలే."

"పదకొండు గెలిస్తే మరి నాకెందుకు చెప్పలే?"

"గెలిసిన మర్నాడు మందుల దుకాణంల నాకేం పని సారూ?"

బిల్లుల కాపీలు ముందరేసుకొని మనిషి చరిత్రంతా చదివేశానని విర్రవీగాను. నేను చదివింది సగం. ఆ మిగతా సగం నా షాపు గడప ఎప్పుడూ తొక్కలేదు.

పటేల్‌కు చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. గోలీలు ఇయ్యనన్నది మాత్రం తప్పు కాదన్నాను. ఆ ఒక్క మాట మీద ఇద్దరం అరగంట అరుచుకున్నాం. సాయిలు మధ్యలో చాయ్ తెచ్చి పెట్టాడు. చివరికి పోశెట్టి నాతో నిజామాబాద్‌లో ఎముకల డాక్టర్ దగ్గరికి రావడానికి ఒప్పుకున్నాడు. ఎక్స్‌రే తీశారు. మూడు నెలలు బరువు ఎత్తొద్దని, తర్వాత భుజానికి ఫలానా కసరత్తులు చేయమని చెప్పారు. ఫ్యాక్టరీ గానుగ ఆడే కాలం అయిపోవచ్చింది కాబట్టి ఎట్లాగూ లోడ్లు లేవు. పటేల్ దగ్గరికి నేనే మళ్లీ పోయాను. "నేను చెప్పకూడని మాట చెప్పిన. జోడి ఇచ్చుడు ఇయ్యకపోవుడు పోశెట్టిని చూసి తేల్చుకోండ్రి, నా మాట విని కాదు," అని పదిమంది ముందరే చెప్పాను. పటేల్ మీసం కింద నవ్వుకున్నాడు. నాకు ఒళ్లు మండింది కానీ, ఆ నవ్వు నాకు దక్కాల్సిందే.

మరుసటి ఏడు హోళీకి పోశెట్టి చెయ్యి లేపాడని విన్నాను. నేను పోలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదికే షాపు తెరిచి కౌంటరులో కూర్చున్నాను.

"పోశెట్టన్న కోసమా సార్?" అని సాయిలు ఆటపట్టించాడు.

"నీ పని నువ్వు చూసుకో," అన్నాను.

పోశెట్టి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పది రోజుల తర్వాత బిడ్డకు దగ్గు అని చీటీ పట్టుకొని వచ్చాడు. కొత్త చీటీ. పై అరలో ఉన్న సీసాను, "గదేనా సారూ?" అంటూ కుడిచెయ్యి పూర్తిగా లేపి చూపాడు. నేనేమీ అడగలేదు. తనే చెప్పాడు. "గా మరాఠాయనను పొద్దుగూకేదాక పట్టిన. బరాబర్ ఇచ్చిండ్రు. వచ్చే ఏడు సూడు."

దగ్గు మందు ఇచ్చి, డాక్టర్ సంతకానికి పైన ముద్ర కొట్టి తారీఖు వేశాను. ఆరు ముద్రల పాత చీటీని షాపు అమ్మేసే రోజు వరకు డ్రాయరులో ఉంచుకున్నాను. దానివల్ల నేర్చుకున్నవి రెండు. ఒకే చీటీ మీద రెండోసారి మందు ఇవ్వకూడదు, అడిగేవాడు ఎంతటివాడైనా సరే. కౌంటరులో తెలిసిన రోగం కౌంటరు దాటకూడదు, చెప్పేవాడి ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. మందుల షాపులో కూర్చున్నవాడికి కనిపించేవి జనం ఓడిన రోజులే. వాటిని చూసి మనిషికి లెక్క కట్టే హక్కు వాడికి లేదు.